నాలుగు చోట్ల చర్మపు మడత పద్ధతి

మనిషి ఒంట్లో కొవ్వు ఎంత శాతం ఉందో అంచనా వేయడానికి వాడే పద్ధతుల్లో ఇది ఒకటి. దండచేతి ముందు వైపు, వెనక వైపు, వీపు మీద రెక్క ఎముక కింద, నడుం పక్కన తుంటి ఎముకకు పైన చర్మాన్ని కింది కొవ్వుతో సహా మడతపట్టి, ఆ మడతల మందాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. నాలుగింటినీ కూడి, ఆ మొత్తం నుంచి శరీర సాంద్రతను, సాంద్రత నుంచి కొవ్వు శాతాన్ని లెక్కగడతారు. స్త్రీలకు, పురుషులకు, ఒక్కో వయసు వర్గానికి లెక్కలో వాడే స్థిరాంకాలు వేరుగా ఉంటాయి. స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయ శరీరధర్మ శాస్త్రజ్ఞులు జె.వి.జి.ఎ. డర్నిన్, జె. వోమర్స్లీ 1974లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ న్యూట్రిషన్‌లో దీన్ని ప్రకటించారు. అందుకే పోషకాహార శాస్త్రంలోనూ, క్రీడాశాస్త్రంలోనూ ఇది వాళ్లిద్దరి పేర్లతోనే చలామణిలో ఉంది.

ఖర్చు తక్కువ, పరికరం చేతిలో ఇమిడేది, కరెంటు అక్కర్లేదు. ఇన్ని సౌకర్యాలున్నా, చివర్లో వచ్చే శాతం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా దాన్ని వాడితే దారి తప్పిస్తుంది. ఆ శాతంలో సగం మన ఎదుట నిలబడిన మనిషిది, సగం యాభై ఏళ్ల కిందట గ్లాస్గోలో కొలిచిన మనుషులది. ఈ వ్యాసం ఎక్కువగా ఆ రెండో సగం గురించే.

సాంద్రత ఎందుకు

కొవ్వు నీటికన్నా తేలిక. కండరం, ఎముక, నీరు కలిసిన మిగతా శరీరం నీటికన్నా బరువు. శరీరాన్ని ఈ రెండు భాగాలుగా మాత్రమే చూసి, కొవ్వు సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.900 గ్రాములు, మిగతా భాగం సాంద్రత 1.100 గ్రాములు అనుకుంటే, మొత్తం శరీర సాంద్రత తెలిసిన వెంటనే కొవ్వు వాటా తేలిపోతుంది. విలియం సిరి 1961లో ఇచ్చిన సూత్రం ఇదే:

```
కొవ్వు శాతం = (4.95 / D − 4.50) × 100
```

ఇందులోని రెండు అంకెలూ పై రెండు సాంద్రతల నుంచే పుట్టాయి. 0.9ని 1.1తో హెచ్చించి, వాటి తేడా 0.2తో భాగిస్తే 4.95 వస్తుంది. 0.9ని 0.2తో భాగిస్తే 4.50. అంటే సిరి సూత్రం మనుషుల్ని కొలిచి రాబట్టిన సగటు కాదు, ఆ రెండు సాంద్రతలూ అందరిలో ఒకటే అన్న నమ్మకం మీద నిలబడిన బీజగణితం. ఆ నమ్మకం ఎక్కడ సడలుతుందో వయసు సంగతి దగ్గర చూద్దాం.

మరి శరీర సాంద్రతను ఎలా తెలుసుకోవాలి? డర్నిన్ కాలంలో ప్రామాణిక మార్గం నీటిలో తూచడం. మనిషిని తొట్టిలో పూర్తిగా ముంచి, ఊపిరి వీలైనంత బయటికి వదలమని, ఆ క్షణంలో తూకం చూస్తారు. ఎంత వదిలినా ఊపిరితిత్తుల్లో కొంత గాలి మిగులుతుంది కాబట్టి దాన్ని విడిగా కొలిచి తీసేయాలి. ఒక మనిషికే చాలా సమయం పడుతుంది, నీళ్లంటే భయమున్నవాళ్లకు ఇది అసలు కుదరదు. డర్నిన్, వోమర్స్లీ చేసిన పని, ఇలా తొట్టిలో తూచినవాళ్లకే చర్మపు మడతలు కూడా కొలిచి, ఆ రెండింటి మధ్య సంబంధాన్ని గీతగా గీయడం. ఆ గీత ఒకసారి చేతికొస్తే తర్వాతివాళ్లను నీళ్లలోకి దింపనక్కర్లేదు.

వాళ్లు కొలిచింది 16 నుంచి 72 ఏళ్ల మధ్య ఉన్న 481 మందిని. వారిలో 209 మంది పురుషులు, 272 మంది స్త్రీలు. రకరకాల శరీరాలు ఉండేలా చూసుకున్నారు. పురుషుల్లో కొవ్వు 5 నుంచి 50 శాతం దాకా, స్త్రీలలో 10 నుంచి 61 శాతం దాకా కనిపించింది. అంత విస్తృతి ఉండటం ఈ అధ్యయనానికి పెద్ద బలం. బక్కపలచని కుర్రాళ్ల మీద మాత్రమే తయారైన సమీకరణం స్థూలకాయుల దగ్గర చతికిలబడుతుంది. దీనికి ఆ ఇబ్బంది తక్కువ.

ఎక్కడ, ఎలా పట్టాలి

కొలతలన్నీ శరీరానికి కుడి వైపున తీసుకోవడం ఆనవాయితీ. ముందుగా టేపుతో, పెన్నుతో గుర్తులు పెట్టుకోవాలి. కంటి అంచనాతో పట్టిన మడత ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయినా మందం మారిపోతుంది.

ట్రైసెప్స్ మడత దండచేతి వెనకది. భుజం చివరి ఎముక కొనకూ, మోచేతి ఎముక మొనకూ మధ్య దూరాన్ని కొలిచి సరిగ్గా సగంలో గుర్తు పెడతారు. చెయ్యి వదులుగా కిందికి వేలాడుతుండగా మడతను నిలువుగా పడతారు. బైసెప్స్ మడత చేతి ముందు వైపు, కండరం ఉబ్బుకు నడిమధ్యన, అరచెయ్యి పైకి తిరిగి ఉండగా పట్టేది. నాలుగింటిలో సాధారణంగా ఇదే పలచనిది. మూడోది రెక్క ఎముక అడుగు కొనకు కాస్త కింద, వెన్నెముక వైపు నుంచి పక్కకు, కిందికి సుమారు 45 డిగ్రీల వాలులో పట్టాలి. చెయ్యి వెనక్కి మడిచి వీపు మీద పెట్టమంటే ఆ ఎముక కొన పైకి తేలి సులువుగా దొరుకుతుంది. గుర్తు పెట్టాక చెయ్యి మళ్లీ వదిలేయించాలి.

నాలుగోది నడుం పక్క మడత. అందరూ ఎక్కువగా తడబడేది ఇక్కడే. డర్నిన్, వోమర్స్లీ చెప్పిన చోటు చంక మధ్య నుంచి నిట్టనిలువుగా కిందికి గీత గీస్తే అది తుంటి ఎముక పై అంచును తాకే చోటికి సరిగ్గా పైన. మడత చర్మం సహజంగా మడతపడే వాలులో, దాదాపు అడ్డంగా వస్తుంది. అయితే 1978లో జాక్సన్, పోలాక్ ప్రకటించిన మరో ప్రసిద్ధ పద్ధతిలో ఇదే పేరున్న మడతను చంక ముందు అంచు నుంచి దిగే గీత మీద పడతారు. అంటే కాస్త పొట్ట వైపుకి. ఒక పుస్తకంలో చోటు నేర్చుకుని ఇంకో పుస్తకంలోని స్థిరాంకాలు వాడితే, ఎంత జాగ్రత్తగా కొలిచినా లెక్క తప్పే. సమీకరణం ఏ చోటు మీద పుట్టిందో ఆ చోటునే కొలవాలి.

పట్టు విషయానికొస్తే, ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేళ్లతో గుర్తు మీద చర్మాన్ని, దాని కింది కొవ్వును కలిపి పైకి తీయాలి. లోపలి కండరం రాకూడదు. అనుమానమొస్తే ఆ కండరాన్ని ఒకసారి బిగించమని అడగాలి. వేళ్ల మధ్య నుంచి ఏదైనా జారిపోతే అది కండరమే, మళ్లీ పట్టాలి. క్యాలిపర్ దవడలను వేళ్లకు ఒక సెంటీమీటరు దూరంలో, మడతకు అడ్డంగా ఆనించి, మీట పూర్తిగా వదిలి, రెండు సెకన్ల తర్వాత అంకె చదవాలి. అంతసేపూ వేళ్లు మడతను వదలకూడదు. ఇంకా ఆలస్యం చేస్తే దవడల ఒత్తిడికి కొవ్వులోంచి నీరు పక్కకు జరిగి ముల్లు మెల్లగా కిందికి దిగుతుంది. ఆ దిగడం చూస్తూ ఎక్కడో ఒకచోట చదివితే ఆ కొలతకు విలువ లేదు.

ఈ రంగంలో ప్రామాణికమైన పరికరం హార్పెండెన్ క్యాలిపర్. దాని దవడలు ఎంత తెరుచుకున్నా చదరపు మిల్లీమీటరుకు సుమారు 10 గ్రాముల ఒత్తిడి స్థిరంగా ఉంటుంది. డయల్ మీద 0.2 మిల్లీమీటర్ల గీతలుంటాయి. చవక ప్లాస్టిక్ క్యాలిపర్లలో ఒత్తిడి పట్టేవాడి వేలి బలాన్ని బట్టి మారుతుంది. లాంజ్ క్యాలిపర్ కూడా మంచిదే కానీ హార్పెండెన్‌తో పోలిస్తే అంకె కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఒకే మనిషిని నెల నెలా చూస్తున్నప్పుడు మధ్యలో పరికరం మార్చకూడదు.

నాలుగు చోట్లూ ఒక విడత పూర్తి చేసి, మళ్లీ మొదటి నుంచి రెండో విడత తీసుకోవడం మంచి అలవాటు. ఒకే చోట వెంట వెంటనే రెండుసార్లు పడితే మొదటిసారి నొక్కుకుపోయిన కొవ్వు ఇంకా తేరుకోదు, పైగా మొదటి అంకె మనసులో ఉండి రెండోదాన్ని తనవైపు లాగుతుంది. రెండు విడతల మధ్య తేడా 5 శాతం దాటితే మూడోసారి కొలవాలి.

సమీకరణం, స్థిరాంకాలు

నాలుగు మడతల మొత్తాన్ని S అనుకుందాం. శరీర సాంద్రత D:

```
D = c − m × log10(S)
```

| వయసు | పురుషులు c | పురుషులు m | స్త్రీలు c | స్త్రీలు m |
|---|---|---|---|---|
| 20 లోపు | 1.1620 | 0.0630 | 1.1549 | 0.0678 |
| 20–29 | 1.1631 | 0.0632 | 1.1599 | 0.0717 |
| 30–39 | 1.1422 | 0.0544 | 1.1423 | 0.0632 |
| 40–49 | 1.1620 | 0.0700 | 1.1333 | 0.0612 |
| 50, ఆపైన | 1.1715 | 0.0779 | 1.1339 | 0.0645 |

మొదటి వరుస పురుషులకు 17 ఏళ్ల నుంచి, స్త్రీలకు 16 ఏళ్ల నుంచి వర్తిస్తుంది. అంతకన్నా చిన్న పిల్లలకు ఈ పట్టిక వాడకూడదు.

లాగరిథమ్ ఎందుకన్నది ముఖ్యమైన ప్రశ్న. మడతల మొత్తాన్ని నేరుగా తీసుకుని సాంద్రతతో పటం గీస్తే చుక్కలు వంకర గీత మీద పడ్డాయి. లాగరిథమ్ తీసుకుంటే గీత తిన్నగా వచ్చింది. దీని ఫలితం వాడేటప్పుడు బాగా తెలుస్తుంది. ఇరవైల్లో ఉన్న పురుషుడికి మొత్తం 20 నుంచి 30 మిల్లీమీటర్లకు పెరిగితే కొవ్వు శాతం 8.0 నుంచి 12.7కి చేరుతుంది. అదే పది మిల్లీమీటర్లు 80 నుంచి 90కి పెరిగితే 24.7 నుంచి 26.1కి మాత్రమే. కాబట్టి బక్కపలచని క్రీడాకారుడి దగ్గర రెండు మిల్లీమీటర్ల పొరపాటు కూడా ఖరీదైనది. లావుపాటి మనిషి దగ్గర అంత పొరపాటు లెక్కలో దాదాపు కనబడదు. కానీ నెలల తరబడి కష్టపడి ఆయన తగ్గించుకున్న మిల్లీమీటర్లు కూడా శాతంలో అంతే చిన్నవిగా కనిపిస్తాయి.

ఒక లెక్క, మొదటి నుంచి చివరి దాకా

ఉదాహరణకు 29 ఏళ్ల పురుషుణ్ణి తీసుకుందాం. బరువు 70 కిలోలు. మొదటి విడతలో బైసెప్స్ 6.0, ట్రైసెప్స్ 12.2, రెక్క ఎముక కింద 18.0, నడుం పక్క 20.4 మిల్లీమీటర్లు. రెండో విడతలో వరుసగా 6.0, 11.8, 18.0, 19.6. ఏ చోటా తేడా 5 శాతం దాటలేదు కాబట్టి మూడో విడత అక్కర్లేదు. సగటులు 6, 12, 18, 20. మొత్తం 56.

56కి పది ఆధారంగా లాగరిథమ్ 1.7482. దీన్ని 0.0632తో హెచ్చిస్తే 0.1105. 1.1631 నుంచి తీసేస్తే సాంద్రత 1.0526. దీన్ని సిరి సూత్రంలో పెడితే 20.3 శాతం. 70 కిలోల్లో కొవ్వు సుమారు 14.2 కిలోలు, మిగతాది 55.8 కిలోలు.

ఇదే మొత్తం 56 ఉన్న అదే వయసు స్త్రీకి సాంద్రత 1.0346, కొవ్వు 28.5 శాతం వస్తుంది. ఒకే మందం మడతలకు ఎనిమిది శాతం పైగా తేడా. స్త్రీ శరీరంలో ఈ నాలుగు చోట్లకు అందని కొవ్వు, అంటే రొమ్ములలో, తొడల్లో, పిరుదుల్లో ఉండేది, మొత్తంలో పెద్ద వాటా. నాలుగు మడతలూ నడుం పైభాగానివే కావడంతో ఆ వాటాను స్థిరాంకాలు మోయాల్సి వచ్చింది.

లెక్క కంప్యూటరుతో చేసేవాళ్లు జారిపడే చోటు ఒకటుంది. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో `log` అంటే సహజ లాగరిథమ్. పై ఉదాహరణలో దాన్ని వాడితే లాగరిథమ్ 4.0254, సాంద్రత 0.9087, కొవ్వు 94.7 శాతం వస్తాయి. ఇంత అసంబద్ధమైన అంకె రావడం ఒక విధంగా మంచిదే, తప్పు వెంటనే బయటపడుతుంది. పైథాన్‌లో సరైన రూపం ఇది:

```
import math
D = 1.1631 - 0.0632 * math.log10(56)
fat = (4.95 / D - 4.50) * 100
```

కళ్లతో చేసుకునే తనిఖీ ఇంకోటి: పెద్దవాళ్ల శరీర సాంద్రత సాధారణంగా 1.00కీ 1.09కీ మధ్య ఉంటుంది. ఆ హద్దులు దాటితే ముందు కొలతలను, తర్వాత సూత్రాన్ని మళ్లీ చూసుకోవాలి.

వయసు స్థిరాంకాలు ఏం చెబుతున్నాయి

56 మిల్లీమీటర్ల మొత్తాన్నే పట్టుకుని పురుషుల పట్టికలో కిందికి దిగుదాం. ఇరవైల్లో 20.3 శాతం, ముప్ఫైల్లో 22.7, నలభైల్లో 26.1, యాభై దాటాక 28.1. మడతలు ఒక్క మిల్లీమీటరు కూడా మారలేదు, శాతం దాదాపు ఎనిమిది పెరిగింది.

దీనికి శరీరంలో నిజమైన కారణాలున్నాయి. వయసు పెరిగేకొద్దీ చర్మం కింద ఉండే కొవ్వుతో పోలిస్తే పొట్ట లోపల, పేగుల చుట్టూ, కండరాల మధ్య చేరే కొవ్వు వాటా పెరుగుతుంది. క్యాలిపర్ దాన్ని తాకలేదు. చర్మం బిగి, మడత నొక్కుకుపోయే తీరు కూడా మారతాయి. వీటికి తోడు ఎముకల్లోని ఖనిజం తగ్గుతుంది. దాంతో కొవ్వేతర భాగం సాంద్రత 1.100 దగ్గర నిలవకుండా కొంత పడిపోతుంది. ఇక్కడే సిరి సూత్రం నమ్మకం సడలుతుంది. ఎముక పలచబడటం వల్ల తగ్గిన సాంద్రతను కూడా ఆ సూత్రం కొవ్వుగానే చదువుతుంది. అంటే పెద్దవయసువాళ్లలో కనిపించే అదనపు శాతంలో కొంత నిజంగా దాగిన కొవ్వు, కొంత ఎముక చేసిన మాయ. ఈ రెండింటినీ విడదీసే శక్తి ఈ పద్ధతికి లేదు. ఆ లోపం క్యాలిపర్‌ది కాదు, సాంద్రతను కొవ్వుగా మార్చే సూత్రంలోనే ఉంది.

అయితే పట్టికను ఇంకాస్త దగ్గరగా చూస్తే, అన్నీ శరీర ధర్మంతో వివరించలేమని తెలుస్తుంది. ముప్ఫైల్లో పురుషుల m విలువ 0.0544. అటూ ఇటూ ఉన్న 0.0632, 0.0700 కన్నా చాలా తక్కువ. ఆ గీత వాలు మిగతావాటితో కలవదు. ఫలితం ఏమిటంటే, మొత్తం 20 మిల్లీమీటర్లున్న బక్క మనిషికి ముప్ఫైల సమీకరణం 12.0 శాతం, నలభైల సమీకరణం 12.2 శాతం చెబుతాయి, దాదాపు ఒకటే. మొత్తం 150 ఉన్న లావు మనిషికి మాత్రం 33.5, 40.3. ఇరవైలకూ ముప్ఫైలకూ మధ్య సంగతి తలకిందులు. బక్క మనిషికి నాలుగు శాతం తేడా, లావు మనిషికి ఒక్క శాతం కూడా లేదు. మనిషి వయసు ఇలా అంచెలంచెలుగా, ఒక్కో దశాబ్దంలో ఒక్కో తీరుగా నడవదు.

కారణం వాళ్లు కొలిచిన మనుషుల సంఖ్యలో ఉంది. 209 మంది పురుషుల్లో ఇరవైల్లో ఉన్నవాళ్లు 92 మంది. ముప్ఫైల్లో 34 మంది, నలభైల్లో 35 మంది, యాభై దాటినవాళ్లు 24 మంది, ఇరవై లోపువాళ్లు 24 మంది. ప్రతి వర్గానికీ విడిగా గీత గీశారు. ముప్ఫై నలుగురి మీద గీసిన గీత వాలు, అందులో నలుగురైదుగురు కాస్త వేరుగా ఉన్నా పక్కకు ఒరిగిపోతుంది. నా దృష్టిలో పురుషుల ముప్ఫైల వరుసను మిగతావాటికన్నా అనుమానంగా చూడాలి. స్త్రీలలో ఇరవైల వర్గంలో 100 మంది, ముప్ఫైల్లో 58, నలభైల్లో 48 మంది ఉన్నారు కాబట్టి అక్కడ పరిస్థితి కొంత మెరుగు.

ఈ మెట్ల వల్ల ఎదురయ్యే చిక్కును పై ఉదాహరణలోని మనిషి మీదే చూడొచ్చు. ఆయన మూడు నెలలు తిండి, వ్యాయామం సరిచూసుకుని మడతల మొత్తాన్ని 56 నుంచి 46కి తగ్గించుకున్నాడు. ఇరవైల స్థిరాంకాలతో లెక్కిస్తే కొవ్వు 20.3 నుంచి 17.9కి దిగింది. కానీ ఆ మూడు నెలల్లో ఆయనకు ముప్ఫై నిండాయి. నియమం ప్రకారం ముప్ఫైల వరుస వాడితే జవాబు 20.6 శాతం. పది మిల్లీమీటర్ల కొవ్వు కరిగితే కాగితం మీద కొవ్వు పెరిగింది. పుట్టినరోజు తప్ప ఆయన శరీరంలో చెడ్డ మార్పేమీ జరగలేదు. ఇలాంటప్పుడు రెండు కొలతలకూ ఒకే వరుస వాడాలి, ఏ వరుస వాడారో రాయాలి. అంతకన్నా మంచిది, మార్పును మిల్లీమీటర్లలోనే చెప్పడం.

అన్ని వయసులకూ కలిపి గీసిన గీత కూడా ఆ వ్యాసంలో ఉంది. పురుషులకు c 1.1765, m 0.0744. స్త్రీలకు 1.1567, 0.0717. వీటితో మెట్లు మాయమవుతాయి కానీ కుర్రాళ్లకు ఎక్కువ చెబుతుంది. మన 29 ఏళ్ల మనిషికి 56 మిల్లీమీటర్ల దగ్గర 23.0 శాతం వస్తుంది.

ఎంత నమ్మొచ్చు

కొలత అంతా సవ్యంగా ఉన్నా, నీటి తూకంతో పోలిస్తే అంచనాలో ఉండే ప్రామాణిక దోషం పురుషులకు శరీర బరువులో సుమారు 5 శాతం, స్త్రీలకు 3.5 శాతం. 20.3 వచ్చిన మనిషి అసలు విలువ పదిహేనుకూ పాతికకూ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మూడింట ఒక వంతు మందికి ఆ హద్దుల బయట కూడా ఉండొచ్చు. అందుకే ఒక మనిషి శాతాన్ని పక్క మనిషి శాతంతో పోల్చి, దశాంశ స్థానంలో తేడా చూసి మంచి చెడ్డలు చెప్పడం తగదు. ఒకే మనిషిని, ఒకే చేతితో, ఒకే పరికరంతో పదే పదే కొలిస్తే వచ్చే మార్పు మాత్రం చాలా నమ్మకమైనది. ఎందుకంటే స్థిరాంకాల తప్పు ఆ మనిషి విషయంలో రెండుసార్లూ దాదాపు ఒకేలా ఉండి తీసివేతలో పోతుంది.

కొన్ని శరీరాల మీద పద్ధతి అసలు నడవదు. కాళ్లూ ఒళ్లూ నీరు పట్టినవాళ్లలో మడత మందంలో నీరు కలుస్తుంది. బాగా లావుగా ఉన్నవాళ్లలో మడత రెండు వైపులా సమాంతరంగా పైకి రాదు, అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉంటుంది. అలాంటప్పుడు దవడలు ఎంత లోతుకు దిగాయన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. అప్పుడే వ్యాయామం చేసి చెమట పట్టినవాళ్లను కూడా కొలవకూడదు. చర్మం కింద రక్తం, నీరు చేరి మడత మందంగా కనిపిస్తుంది, పైగా వేళ్లు జారతాయి.

మన శరీరాలకు సరిపోతుందా

స్థిరాంకాలు స్కాట్లండ్ మనుషుల మీద తయారయ్యాయి. ఒకే ఎత్తూ బరువూ ఉన్న ఐరోపావాళ్లతో పోలిస్తే దక్షిణాసియావాళ్ల ఒంట్లో కొవ్వు ఎక్కువ, అదీ చేతులకన్నా మొండెంలో ఎక్కువ. ఇది పుట్టుకతోనే కనిపిస్తుంది. పుణె పసికందులను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పసికందులతో పోల్చిన అధ్యయనంలో, మన పిల్లలు బరువులో, కండలో చాలా వెనకబడి ఉన్నా, రెక్క ఎముక కింది మడతలో మాత్రం అంతగా వెనకబడలేదు.

నాలుగు చోట్ల పద్ధతికి ఇది నేరుగా సంబంధించిన విషయం. S అన్న మొత్తంలో చేతి మీది మిల్లీమీటరుకూ, వీపు మీది మిల్లీమీటరుకూ ఒకటే విలువ. చేతుల్లో 30, మొండెంలో 26 ఉన్న మనిషికీ, చేతుల్లో 14, మొండెంలో 42 ఉన్న మనిషికీ జవాబు ఒకటే. రెండో మనిషి పొట్ట లోపల కూడా ఎక్కువ కొవ్వు ఉండే అవకాశం ఉంది, మధుమేహం ముప్పు కూడా ఆయనకే ఎక్కువ. మొత్తం మాత్రమే రాసి విడి కొలతలు పారేస్తే ఆ సంగతి పోతుంది. మధుమేహం ఇంటింటా ఉన్న తెలుగు ప్రాంతాల్లో పోషకాహార నిపుణులు ఈ నాలుగు అంకెలనూ విడివిడిగా దాచాలి. చేతి మడతల మొత్తాన్నీ, మొండెం మడతల మొత్తాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. నడుం చుట్టుకొలత కూడా తీసుకోవాలి.

డర్నిన్, వోమర్స్లీ సమీకరణాలను తర్వాతి కాలంలో ఎక్స్-రే ఆధారిత డెక్సా యంత్రంతో వేర్వేరు జాతుల మనుషుల మీద తిరిగి పరీక్షించారు. 2011లో అమెరికాలో వెలువడిన అలాంటి ఒక అధ్యయనం అదే నాలుగు మడతలను ఉంచి, జాతి సమూహాలను బట్టి కొత్త సమీకరణాలను సూచించింది. కొలిచే చోట్లు నిలిచాయి, మార్చాల్సి వచ్చింది స్థిరాంకాలనే.

కాబట్టి ఈ పద్ధతితో కొలిచిన ప్రతి నివేదికలోనూ ముందు నాలుగు మడతల విడి అంకెలు, వాటి మొత్తం మిల్లీమీటర్లలో ఉండాలి. తర్వాత వాడిన క్యాలిపర్ పేరు, కొలిచిన తేదీ, కొలిచినవారి పేరు, ఏ వయసు వరుస స్థిరాంకాలు వాడారన్నది రాయాలి. కొవ్వు శాతం వీటి కింద, చివరి గడిలో రావాలి. రేపు మన జనాభాకు మెరుగైన స్థిరాంకాలు వస్తే, మిల్లీమీటర్లు రాసి ఉన్న పాత రికార్డులన్నిటినీ మళ్లీ లెక్కగట్టుకోవచ్చు. శాతం మాత్రమే రాసి ఉన్నవాటిని అలా సరిచేసుకోవడం కష్టం, వాటిలోని విడి మడతలైతే ఇక దొరకవు.